మెడికోకి ఏ పుస్తకాలు ఇవ్వాలి అంటే, ముందు ఒక ఎర్రబడ్డ కాలు గురించి మాట్లాడాలి

మా అక్క బిడ్డ ఇక్కడే వరంగల్లో ఎంబీబీఎస్ థర్డ్ ఇయర్. పోయిన వానాకాలం సర్జరీ పోస్టింగ్స్ నడుస్తున్నప్పుడు ఒకరోజు రాత్రి ఫోన్ చేసింది. "మామా, ఇయ్యాల వార్డుల నెక్రోటైజింగ్ ఫేషియైటిస్ చూసిన, పీజీ అన్నకు చెప్తే నవ్విండు" అని. చర్మం కింది పొర కుళ్ళుకుంటూ పోయి ప్రాణం మీదికి తెచ్చే ఇన్ఫెక్షన్ అది. పరకాల దిక్కు నుంచి వచ్చిన యాభై దాటిన రైతు, నాట్లు వేస్తున్నడు, మోకాలి కింద ఎర్రగ వాచింది, జ్వరం, ఊర్ల ఆర్‌ఎంపీ దగ్గర రెండు సూదులు పడ్డయి, షుగర్ ఉన్నట్టు ఇక్కడికి వచ్చినంకనే తెలిసింది. తెల్లారి మళ్ళీ మెసేజ్ పెట్టింది, వట్టి సెల్యులైటిసే అంట, అంటే చర్మానికి వచ్చే మామూలు ఇన్ఫెక్షన్, తగ్గుతుంది అంట. ఆ మెసేజ్‌లో కొంచెం నిరాశ కనిపించింది నాకు. ఒక మనిషి కాలు కుళ్ళలేదని నిరాశ. తను చెడ్డపిల్ల కాదు, ఆ వారమే అమెరికా సర్జన్ అతుల్ గవాండే 'కాంప్లికేషన్స్' చదివింది, అది ఇచ్చింది కూడా నేనే.

అప్పటి నుంచి ఇది రాయాలని అనుకుంటున్నా. ఎందుకంటే టెక్స్ట్‌బుక్స్ కాకుండా ఇంకేం చదవాలి అని అడిగే మెడికోలకు మనం ఒక లిస్టు పడేస్తాం, వాళ్ళు కొంటారు, చదువుతారు, ఏడుస్తారు, స్టేటస్ పెడతారు. వాటిని ఎట్ల చదవాలో మాత్రం ఎవ్వరం చెప్పం. నా మాట ఏంటంటే ఈ పుస్తకాల్లో డాక్టర్ చివరికి కరెక్టా తప్పా అన్నది చూసి నేర్చుకుంటే నష్టమే ఎక్కువ, డయాగ్నసిస్ చెప్పే పేజీకి ముందే ఆగి ఆయన ఆలోచన ఎట్ల నడిచిందో చూస్తేనే లాభం. ఇది చెప్పడం ఈజీ, చెయ్యడం కష్టం, ఎందుకో చెప్తా.

టెక్స్ట్‌బుక్ తిరగేసి ఉంటది

బెయిలీ తీసినా హారిసన్ తీసినా ముందు జబ్బు పేరు ఉంటది, తర్వాత కారణాలు, తర్వాత లక్షణాలు, చివరికి ట్రీట్‌మెంట్. పేషెంట్ ఆ ఆర్డర్‌లో రాడు. "కాలు ఉబ్బింది సారూ" అని వస్తడు. ఆ కాలు సెల్యులైటిస్ కావచ్చు, నరంలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, మన దగ్గర బోదకాలు ఉన్నోళ్ళకి మధ్యమధ్యలో వచ్చే జ్వరం, ఎరుపు, వాపు కావచ్చు, పొలంలో పురుగు ముట్టి అది చూసుకోకపోయి ఉండొచ్చు. వీటన్నిటి కింద ఎక్కడో ఒక మూల నెక్రోటైజింగ్ ఫేషియైటిస్. ఈ అయిదూ టెక్స్ట్‌బుక్‌లో అయిదు వేర్వేరు చాప్టర్లలో ఉంటాయి, ఒక్క కాలు మీద కలిసి కనపడేది వార్డులోనే. ఎస్. దాస్ క్లినికల్ సర్జరీ మాన్యువల్ కొంత నయం, అది లక్షణం దగ్గరే మొదలుపెడుతుంది, అయినా అందులో కూడా డాక్టర్‌కి అనుమానం, భయం, నిద్ర, నిన్న చూసిన కేసు ఇవేవీ ఉండవు. నిజం ఆలోచనలో ఇవన్నీ ఉంటాయి.

గవాండే పుస్తకం చివరి చాప్టర్ ఈ ఎర్ర కాలు మీదే. 2002లో వచ్చిన పుస్తకం, ఆయన అప్పటికి సర్జరీ రెసిడెంట్, అంటే మన లెక్కలో పీజీ. బోస్టన్‌లో ఇరవై మూడేళ్ళ అమ్మాయి, చెప్పు ఒరుసుకుని పొక్కు, తర్వాత కాలు ఎర్రబడింది, జ్వరం. ఎమర్జెన్సీ డాక్టర్ సెల్యులైటిస్ అనుకుని అడ్మిట్ చేయబోతూ ఎందుకైనా మంచిదని సర్జరీ వాళ్ళని ఒకసారి చూడమన్నాడు. గవాండేకి కొన్ని వారాల కిందటే నెక్రోటైజింగ్ ఫేషియైటిస్‌తో ఒకాయన కళ్ళ ముందే చనిపోయాడు, అది మనసులోంచి పోలేదు. ఈ కాలు చూడగానే అదే గుర్తొచ్చింది. అది అయ్యే ఛాన్స్ చాలా తక్కువ అని ఆయనకి తెలుసు, అయినా వదిలిపెట్టలేకపోయాడు, పెద్ద సర్జన్‌ని పిలిచారు, బయాప్సీ చేశారు, నిజంగా అదే తేలింది. వరుసగా ఆపరేషన్లు, కాలు దక్కింది.

మా అమ్మాయి ఇక్కడిదాకా చదివి పుస్తకం మూసేసి ఉంటది అనుకుంటా, ఎందుకంటే అందరం అక్కడే మూసేస్తాం. కానీ ఆ చాప్టర్‌లో అసలు విషయం ఆ తర్వాతే ఉంది. ఆయన తర్వాత తీరిగ్గా కూర్చుని డెసిషన్ అనాలిసిస్ పద్ధతిలో లెక్క కట్టించి చూశాడు, ప్రతి దారికి ఎంత ఛాన్స్, ఎంత నష్టం అని చెట్టు కొమ్మల్లా గీసి. లెక్క ప్రకారం బయాప్సీ చేయకూడదు అని వచ్చింది! అంటే రోగి బతికింది, కాలు దక్కింది, లెక్క మాత్రం చేయొద్దనే చెప్పింది. దీన్ని దాచకుండా రాసినందుకే ఆ చాప్టర్ అంటే నాకు గౌరవం.

అదే ఆలోచన, ఇంకో పుస్తకం, వేరే ఫలితం

ఇప్పుడు దీని పక్కన జెరోమ్ గ్రూప్‌మన్ 'హౌ డాక్టర్స్ థింక్' పెట్టండి, 2007ది. అందులో అరిజోనాలో నావహో తెగ వాళ్ళు ఉండే ప్రాంతంలో ఒక ఎమర్జెన్సీ డాక్టర్ కథ ఉంది. అక్కడ కొన్ని వారాలుగా వైరల్ న్యుమోనియా తిరుగుతోంది, రోజూ అవే కేసులు. ఒక పెద్దామె వచ్చింది, కొంచెం జ్వరం, ఊపిరి చాలా వేగంగా తీస్తోంది. ఛాతీలో శబ్దాలు లేవు, ఎక్స్‌రే బాగానే ఉంది, తెల్లకణాలు పెరగలేదు, కానీ రక్తం ఆమ్లం వైపు జరిగింది. డాక్టర్ దీన్ని ఇంకా ఎక్స్‌రేలో బయటపడని న్యుమోనియా అనుకుని అడ్మిట్ చేశాడు. తర్వాత ఇంకో డాక్టర్ వచ్చి ఇది ఆస్పిరిన్ ఎక్కువై వచ్చిన విషం అన్నాడు. ఆమె ముందే చెప్పింది, జలుబుకి ఆస్పిరిన్ వేసుకున్నానని, ఈయన దాన్ని పట్టించుకోలేదు.

ఆస్పిరిన్ ఎక్కువైతే మెదడులో శ్వాసని నడిపే కేంద్రాన్ని నేరుగా రెచ్చగొడుతుంది, అందుకే ఊపిరితిత్తులు బాగున్నా మనిషి ఆయాసంగా ఊపిరి తీస్తాడు. పైగా రక్తంలో ఆమ్లం పెరిగితే దాన్ని సర్దుకోవడానికి కూడా ఊపిరి వేగం పెరుగుతుంది. ఛాతీ శుభ్రంగా ఉండి ఊపిరి మాత్రం వేగంగా ఉంటే ఊపిరితిత్తుల బయట ఎక్కడో చూడాలి అన్నది మన ఫిజియాలజీలో ఫస్ట్ ఇయర్ పాఠమే, ఆ డాక్టర్‌కీ తెలుసు. తెలిసిన విషయం ఆ టైంకి పైకి రాలేదు, అంతే.

ఇప్పుడు రెండూ పక్కపక్కన చూడండి. గవాండేకి ఈమధ్యే చూసిన కేసు గుర్తొచ్చి అదే అనుకున్నాడు, కరెక్ట్ అయింది. అరిజోనా డాక్టర్‌కి ఈమధ్యే చూసిన కేసులు గుర్తొచ్చి అదే అనుకున్నాడు, తప్పయింది. మనసు చేసిన పని రెండు చోట్లా ఒక్కటే. దీనికి అవెయిలబిలిటీ అని పేరుంది, చేతికందినది ముందు తీసుకోవడం. ఒక్క పుస్తకమే చదివినోడు "డౌట్ వస్తే వదలొద్దు, గట్ ఫీలింగ్ నమ్ము" అని నేర్చుకుంటాడు, రెండోదే చదివినోడు "గట్ ఫీలింగ్ మోసం" అని నేర్చుకుంటాడు. ఇద్దరూ సగమే నేర్చుకున్నారు. అందుకే నేను ఈ రెండు చాప్టర్లని విడివిడిగా ఎవ్వరికీ ఇవ్వొద్దు అంటా.

మన దగ్గర డెంగీ సీజన్ చూస్తే ఇది ఇంకా బాగా అర్థమైతది. ఆగస్టు, సెప్టెంబర్‌లో జ్వరం అని ఎవరొచ్చినా ఓపీలో కూర్చున్న మనకి ప్లేట్‌లెట్లు తప్ప ఇంకోటి తట్టదు. చాలాసార్లు అది కరెక్టే, సీజన్‌లో ఎక్కువ ఉన్నదే ఎక్కువసార్లు అయితది, అది తప్పు కాదు, అదీ ఒక రకం లెక్కే. గొడవ ఎప్పుడంటే సరిపోని ముక్క ఒకటి కనపడ్డప్పుడు దాన్ని కూడా గుంజి ఆ చట్రంలోనే ఇరికిస్తాం. శుభ్రంగా ఉన్న ఎక్స్‌రేని "ఇంకా బయటపడలేదు" అని సర్దుకున్నట్టు.

మళ్ళీ ఆ రైతు కాలు దగ్గరికి

సరే, అట్లయితే మా అమ్మాయి ఆ రోజు ఎట్ల ఆలోచించి ఉండాల్సింది? ఫోన్‌లో తనతో ఇది చాలాసేపు మాట్లాడిన, ఇక్కడ కొంచెం విప్పి రాస్తా.

మొదట లెక్క. ఊహించుకోడానికే చెప్తున్నా, ఇవి ఏ స్టడీ నంబర్లూ కాదు. వెయ్యి ఎర్ర కాళ్ళు వచ్చాయనుకో, అందులో ఇద్దరికి నిజంగా ఫేషియా కుళ్ళుతోంది అనుకో. "విపరీతమైన నొప్పి" అనే లక్షణం ఆ ఇద్దరికీ ఉంది, మిగతా 998 మందిలో నూటికి అయిదుగురికి కూడా ఉంది అనుకో, అంటే దాదాపు యాభై మంది. ఇప్పుడు విపరీతమైన నొప్పితో వచ్చిన యాభై రెండు మందిలో నిజమైనది ఇద్దరికే. లక్షణం ఉన్నా ఇరవై ఆరులో ఒకరు. పీజీ నవ్వింది ఈ లెక్క తన ఒంట్లో ఉంది కాబట్టి, వందల కాళ్ళు చూశాడు కాబట్టి. నవ్వకుండా ఈ లెక్క చెప్పి ఉంటే బాగుండేది, అది వేరే సంగతి.

కానీ ఇరవై ఆరులో ఒకటి అంటే చిన్నదేం కాదు, ఎందుకంటే ఈ జబ్బు గంటల్లో నడుస్తది. చర్మం కింద ఫేషియా పొర వెంట పాకుతూ పోతుంది, అక్కడి సన్న రక్తనాళాలు మూసుకుపోతాయి, రక్తమే పోని చోటికి యాంటీబయాటిక్ కూడా పోదు, అందుకే కోసి తీసేయడం తప్ప దారి లేదు. పైన చర్మం మొదట్లో మామూలు సెల్యులైటిస్ లాగే ఉంటది. నీలం రంగు, రక్తపు బొబ్బలు, నొక్కితే కరకరమనే గాలి, ఇవి టెక్స్ట్‌బుక్ ఫొటోల్లో ఉంటాయి గానీ అవి వచ్చేసరికి ఆలస్యం అయిపోయినట్టే.

మరి తొందరగా ఎట్ల? చూసే చర్మానికి, పేషెంట్ పరిస్థితికి పొంతన కుదరకపోవడం. ఎరుపు కొంచెమే, కానీ బీపీ పడుతోంది, నాడి వేగంగా కొట్టుకుంటోంది, మనిషి మబ్బుగా ఉన్నాడు. ఎరుపు అంచు దాటి బయట మామూలు చర్మం మీద నొక్కినా నొప్పి. వాపు చెక్కలా గట్టిగా. మొదట విపరీతమైన నొప్పి ఉండి, తర్వాత అదే చోట ఉన్నట్టుండి తిమ్మిరి పట్టడం, నరాలు చచ్చిపోతే నొప్పి తగ్గినట్టు ఉంటది, దాన్ని చూసి నయమైతుంది అనుకుంటే ఘోరం. ఇక్కడ మన దగ్గర ఇంకో చిక్కు, ఊర్ల ఆర్‌ఎంపీ వేసిన నొప్పి సూది, డెక్సా అనే స్టెరాయిడ్. జ్వరం, నొప్పి రెండింటినీ అవి దాచేస్తాయి. అందుకని "ఎంత నొప్పి" కంటే ముందు "సూది ఎప్పుడు పడ్డది, ఏం సూది" అని అడగాలి. బోస్టన్ అమ్మాయి చాప్టర్‌లో ఈ చిక్కు లేదు, మనకి రోజూ ఉంది. రైతుకి షుగర్ ఉన్న సంగతి కూడా అప్పుడే తేలింది, అది అనుమానాన్ని కొంచెం పైకి తీసుకుపోతుంది, సెల్యులైటిస్‌ని కూడా పైకి తీసుకుపోతుంది, అందుకే దాని ఒక్కదాని మీద ఏం తేల్చలేం.

రక్త పరీక్షలతో లెక్కేసే లరినెక్ స్కోర్ ఒకటుంది, 2004లో సింగపూర్ నుంచి వచ్చింది, సీఆర్‌పీ, తెల్లకణాలు, హిమోగ్లోబిన్, సోడియం, క్రియాటినిన్, షుగర్ కలిపి. ఆరు గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే అనుమానించమంటుంది. మా అమ్మాయి అది నోటికి చెప్తది. కానీ ఆ స్కోర్ తక్కువ వచ్చి కూడా జబ్బు ఉన్న వాళ్ళు చాలామందే ఉన్నారని తర్వాత తేలింది, స్కోర్ తక్కువ ఉందని నిద్రపోవడానికి లేదు.

ఇంతకీ ఆ నవ్విన పీజీ ఏం చేశాడో చెప్పమన్నా. జేబులోంచి పెన్ను తీసి ఎరుపు అంచు వెంట కాలు చుట్టూ గీత గీశాడట, పక్కన టైం రాశాడట, గీత బయట రెండు మూడు చోట్ల బొటనవేలితో నొక్కుతూ పేషెంట్ మొహం చూశాడట, కాలు కాదు మొహం. దూదితో గీకి తెలుస్తుందా అని అడిగాడు. బీపీ మళ్ళీ చూడమని సిస్టర్‌కి చెప్పి, రెండు గంటల తర్వాత మళ్ళీ వచ్చాడు. గీత దాటలేదు. రాత్రి ఇంకోసారి వచ్చాడు. తెల్లారేసరికి ఎరుపు గీత లోపలికి తగ్గింది. మా అమ్మాయి ఇదంతా చూసింది, కానీ దీన్ని కథగా చూడలేదు, ఎందుకంటే చివర్లో ఏమీ జరగలేదు. నేనడిగితే ఒక్కొక్కటిగా బయటికొచ్చింది. గవాండే లెక్క ఛాన్స్‌ని ఒక్కసారే కొలిచింది, పీజీ రెండు గంటలు ఆగి మళ్ళీ కొలిచాడు, టైంని కూడా ఒక టెస్టులా వాడుకున్నాడు. గీత దాటి ఉంటే ఆయన నవ్వు అక్కడే ఆగేది, నేరుగా థియేటర్‌కే, అక్కడ చిన్న గాటు పెట్టి వేలు పోనిస్తే పొరలు అడ్డం లేకుండా విడిపోతాయి, రక్తం రాదు, పలచటి బూడిదరంగు నీళ్ళు వస్తాయి. డయాగ్నసిస్ అక్కడ తేలుతుంది, స్కోర్ల దగ్గర కాదు.

ఈ పుస్తకాల మీద నాకున్న అనుమానం కూడా ఇక్కడే. వట్టి సెల్యులైటిస్ మీద ఎవ్వరూ చాప్టర్ రాయరు. రాసినవన్నీ వింత కేసులే, అందునా చివరికి తేలినవే. పది పుస్తకాలు చదివిన మెడికోకి ప్రపంచం అంతా వింత కేసులే కనపడతాయి. అవెయిలబిలిటీ గురించి హెచ్చరించే పుస్తకమే అవెయిలబిలిటీని పెంచుతుంది. గ్రూప్‌మన్ పుస్తకం మొదట్లో పదిహేనేళ్ళు తిండి జబ్బు అని ముద్ర పడిన ఆమెకి సీలియాక్ అని కనిపెట్టిన డాక్టర్ ఉంటాడు, ఆయన పాత ఫైల్ పక్కన పెట్టి మొదటి నుంచి నీ కథ నువ్వే చెప్పు అని అడుగుతాడు. ఎంత గొప్పగా ఉంటది చదవడానికి. కానీ మన ఓపీలో ఒక్క పొద్దుట అంతమందిని చూడాల్సినప్పుడు ఎవరి ఫైల్ పక్కన పెట్టాలి, ఎవరిది నమ్మాలి అన్నదే అసలు ప్రశ్న, దానికి ఆ పుస్తకంలో జవాబు పలచగానే ఉంది.

అందుకే పెన్ను పెట్టుకుని చదవమంటా. పేషెంట్ కథ అయిపోగానే పేజీ మీద చెయ్యి పెట్టి ఆగు, నువ్వేం అనుకుంటున్నావో మూడు పేర్లు రాయి, ఏ ముక్క సరిపోవట్లేదో రాయి, ఆ మనిషే మన వార్డులో వస్తే ఆ మూడు పేర్ల ఆర్డర్ ఎట్ల మారుతదో రాయి. బోస్టన్‌లో బోదకాలు ఉండదు, మనకి ఉంది. తర్వాత పేజీ తిప్పు. జవాబు తెలిసినంక "నాకు ముందే తెలుసు" అనిపిస్తుంది, రాసిపెట్టుకుంటే అబద్ధం ఆడలేవు.

"అంత టైం ఎక్కడ మామా, పీజీ ఎంట్రన్స్‌కి 200 ప్రశ్నలు, మూడున్నర గంటలు" అంది. నిజమే. ఎంసీక్యూలో నాలుగు ఆప్షన్లు వాళ్ళే ఇస్తారు, కాలు మీద ఎవ్వరూ రాసిపెట్టరు. కానీ ఎగ్జామ్ రాయకుండా ముందుకి పోలేం కాబట్టి ఏడాదికి రెండు పుస్తకాలు చాలు అని ఒప్పందానికి వచ్చాం.

బల్గకోవ్ సిగరెట్లు

డాక్టర్ల బతుకు గురించి అయితే నేను అమెరికా పుస్తకాల కంటే ముందు బల్గకోవ్ ఇస్తా. 1916, 17లో రష్యాలో స్మలెన్‌స్క్ దిక్కు ఒక పల్లె ఆసుపత్రిలో ఒంటరిగా పనిచేసిన కుర్ర డాక్టర్, తర్వాత రచయిత అయ్యాడు. 'ఎ కంట్రీ డాక్టర్స్ నోట్‌బుక్' అని ఇంగ్లీషులో దొరుకుతుంది. అందులో ఒక కథ, ఒకామెకి బిడ్డ అడ్డం తిరిగింది. కుర్ర డాక్టర్ ప్రసూతిలో మంచి మార్కులు తెచ్చుకున్నవాడే, చెయ్యి లోపల పెట్టి బిడ్డ కాలు పట్టి తిప్పడం మాత్రం ఎప్పుడూ చేయలేదు. సిగరెట్లు తెచ్చుకుంటానని సాకు చెప్పి క్వార్టర్‌కి ఉరికి ప్రసూతి పుస్తకం తిరగేస్తాడు. అందులో అన్నీ ప్రమాదాలే, గర్భసంచి చిరుగుతుంది అని, ఒక్క ముక్క ఎక్కదు. వెనక్కి వచ్చి చేతులు కడుక్కుంటుంటే మంత్రసాని నర్సు, నీకంటే ముందున్న పెద్ద డాక్టర్ ఇట్ల చేసేవాడు అని మాటల్లో చెప్తుంది. ఆ పది నిమిషాలు తను చదివినదంతటి కంటే ఎక్కువ నేర్పాయి అంటాడు. పని అయిపోయినంక రాత్రి మళ్ళీ అదే పుస్తకం తీస్తే చీకటిగా ఉన్న వాక్యాలన్నీ వెలుగుతాయి. ఇంకా చదవాలి, ఇంకా ఇంకా చదవాలి అనుకుంటాడు చివరికి.

టెక్స్ట్‌బుక్ పనికిరాదని ఆ కథ అనట్లేదు చూడండి. చెయ్యి పడ్డ తర్వాత టెక్స్ట్‌బుక్ వేరే పుస్తకం అయిపోతుంది అంటోంది. ములుగు, ఏటూరునాగారం దిక్కు పీహెచ్‌సీలో మొదటి పోస్టింగ్ చేసినోళ్ళని ఎవర్నైనా అడగండి, ఫోన్‌లో పీడీఎఫ్ తెరిచి పెట్టుకుని, బాత్రూంకి పోయొస్తానని చెప్పి చదివి వచ్చినోళ్ళు ఎంతమందో. ఒక్కరూ బయటికి చెప్పరు. వందేళ్ళ కింద రష్యాలో ఒకడు రాసిపెట్టాడు కాబట్టి మనకి కాస్త సిగ్గు తగ్గుతది.

మనకి దగ్గరి సంగతి కావాలంటే గవాండేదే 'బెటర్' చివర్లో ఉంది, నిజామాబాద్ దాటితే వచ్చే నాందేడ్ జిల్లా ఆసుపత్రి. అక్కడి సర్జన్లు ఆపరేషన్ల మధ్యలో రోడ్డు దాటి చాయ్ తాగుతూ కేసులు చెప్పుకుంటారు. నాకు ఆ నాలుగు పేజీలు చెక్‌లిస్టుల మీద ఆయన రాసిన పుస్తకం మొత్తం కంటే నచ్చాయి.

ఒక్క పుస్తకం దగ్గర మాత్రం మా ఇంట్లో గొడవ తెగలేదు. పాల్ కలానిథి 'వెన్ బ్రెత్ బికమ్స్ ఎయిర్', న్యూరోసర్జరీ రెసిడెన్సీ చివర్లో ఊపిరితిత్తుల కాన్సర్ వచ్చి పోయినాయన రాసింది. నేను ఇంటర్న్‌షిప్ దాకా ఇవ్వొద్దు అంటా. అందులో డాక్టర్ పేషెంట్ అవుతాడు, అది అర్థం కావాలంటే ముందు డాక్టర్ అయి ఉండాలి, థర్డ్ ఇయర్‌లో చదివితే కన్నీళ్ళు వస్తాయి గానీ కన్సెంట్ ఫారం మీద సంతకం తీసుకునేటప్పుడు చెయ్యి ఎందుకు ఆగుతుందో తెలియదు. నా భార్య అనస్థీషియా, ఆమె వాదన పూర్తిగా ఉల్టా. వార్డు తోలు మందం చేయకముందే చదవాలి, ఇంటర్న్‌షిప్ వచ్చేసరికి మీరెవ్వరూ ఏడవరు అంటది. ఆమె చెప్పేదాంట్లో నిజం ఉంది, నేనింకా ఒప్పుకోలేదు. మా అమ్మాయి మా ఇద్దరి మాటా వినకుండా కోఠిలో సెకండ్‌హ్యాండ్ కాపీ కొనుక్కుందని మొన్న తెలిసింది, ఇప్పుడు పేజీ మీద చెయ్యి పెట్టి ఆగుతోందో లేదో అడగాలి.